అభయారణ్యం అడవి అయిపోయింది

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా అమ్మాయి చార్టు పట్టుకుని వచ్చింది. "అమ్మా, పేరా ఒక్కసారి చూసెయ్యి, హెడ్డింగుకి రంగు వేసుకుంటాను" అంది. ఎనిమిదో తరగతి. తెలుగు ప్రాజెక్టు. మన రాష్ట్రంలో ఉన్న ఏదైనా ఒక జలవనరు గురించి ఒక్క పేరా, సొంత మాటల్లో, చార్టు మీద బొమ్మతో సహా. ఇది కొల్లేరు తీసుకుంది. తాతయ్యది కైకలూరు కాబట్టి బొమ్మలు దొరుకుతాయని దాని లెక్క.

పేరా ఇలా మొదలైంది: "కొల్లేరు ఒక పెద్ద తియ్యటి నీళ్ళ చెరువు. 1999వ సంవత్సరంలో దీనిని ఐదు అడుగుల లోతు వరకు అడవిగా తెలియజేశారు. ఇచ్చటికి విదేశాల నుండి పక్షులు విచ్చేయును."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. దానికి కోపం వచ్చింది. "కాపీ కొట్టలేదమ్మా! ఎన్‌సైక్లోపీడియాలో ఉన్న ప్రతి మాటా మార్చాను. కావాలంటే పక్కన పెట్టి చూస్కో" అని ప్రింటౌట్ నా ఒళ్ళో పడేసింది. ఎనిమిది పేజీలు. పెన్సిలుతో మాటల కింద గీతలు, గీతల మీద వేరే మాటలు. సరస్సు మీద చెరువు, ప్రకటించారు మీద తెలియజేశారు, వస్తాయి మీద విచ్చేయును. పాపం, రెండు గంటలు కూర్చుని చేసిన పని అది.

పదకొండేళ్ళు ఒక దినపత్రిక డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేశాను. ఏజెన్సీ నుంచి వచ్చే రెండు పేజీల వార్తని సింగిల్ కాలమ్ బిట్టుగా కుదించడమే నా బతుకుతెరువు. అయినా నా కూతురికి "సొంత మాటల్లో" అంటే ఏమిటో ఏనాడూ చెప్పలేదని ఆ రాత్రే తెలిసింది. బళ్ళో కూడా ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ రెండు మాటలూ ప్రాజెక్టు కాగితం మీద ఉంటాయి, అంతే. పిల్లలు వాటిని అక్షరాలా తీసుకుంటారు: మాటలు సొంతవైతే చాలు.

నా వాదన ఒక్కటే. పెద్ద వ్యాసాన్ని చిన్న పేరాగా మార్చడం మాటలు మార్చే పని కాదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో, ఏది ముందు చెప్పాలో తేల్చుకునే పని. అది తేలితే మాటలు వాటంతట అవే మారతాయి. అది తేలకుండా మాటలు మారిస్తే మారేది మాట కాదు, విషయం.

మూడు వాక్యాలు, నాలుగు తప్పులు

మా అమ్మాయి మార్చిన మాటలు ఒక్కొక్కటీ ఏం చేశాయో చూడండి.

చెరువు అంటే మనిషి కట్ట వేసి నీళ్ళు నిలబెట్టింది. కొల్లేరు ఎవరూ కట్టింది కాదు, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో దానంతటదే ఏర్పడిన సరస్సు. పైగా ఆ ప్రాంతంలో చెరువు అంటే చేపల చెరువే. కొల్లేరు కథలో సగం గొడవ సరస్సుకీ ఈ చెరువులకీ మధ్యే. సరస్సుని చెరువు అన్నామంటే ఆ గొడవలో రెండు పక్షాలకీ ఒకే పేరు పెట్టేసినట్టు.

అడవి సంగతి ఇంకా బాగుంది. అభయారణ్యంలో అరణ్యం ఉంది కాబట్టి అడవి అని రాసింది. తప్పు పట్టడానికి కూడా లేదు, నిఘంటువు దాని పక్షానే ఉంది. కానీ కొల్లేరులో అడవి ఎక్కడుంది? నీళ్ళు, తుంగ, కిక్కిస, లంక ఊళ్ళు, గట్లు. వన్యప్రాణి అభయారణ్యం అనేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉన్న ఒక హోదా. చెట్టు ఒక్కటి లేకపోయినా ఆ హోదా ఇవ్వొచ్చు. అది వర్ణన కాదు, బిరుదు లాంటిది. బిరుదుకి పర్యాయపదం ఉండదు.

ఇక "ఐదు అడుగుల లోతు". ఇది విన్నప్పుడు పక్క గదిలోంచి మా మామగారు లేచి వచ్చారు. ఆయన కైకలూరు మనిషి. "ఐదో కాంటూరుని లోతు చేసిందా ఇది! మా ఊళ్ళో వింటే కొడతారు" అన్నారు. కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఇంత ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలిపి గీసిన గీత. ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తున ఉన్న గీత, దాని లోపలున్నదంతా అభయారణ్యం. లోతుకీ దానికీ సంబంధమే లేదు. ఐదు దాకానా, మూడు దాకానా అని అక్కడ ఏళ్ళ తరబడి వాదులాట. ఎందుకంటే ఆ రెండు గీతల మధ్యే ఎందరివో పొలాలు, చెరువులు ఉన్నాయి. మా అమ్మాయికి కాంటూరు అనే మాట తెలియదు. తెలియని మాటని మార్చాలి కాబట్టి పక్కనున్న అడుగులు చూసి లోతు అని పూరించింది.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది ఇదే. పిల్లలు మాట మార్చే చోట్లన్నీ తెలిసిన చోట్లు కావు. తెలియని చోట కూడా మారుస్తారు, మార్చమన్నాం కాబట్టి. మక్కీకి మక్కీ దింపి ఉంటే కనీసం కాంటూరు కాంటూరుగానే ఉండేది. నిజాయితీగా రాద్దామని కష్టపడ్డ పిల్ల తప్పు రాసింది, కాపీ కొట్టిన పక్క బెంచీ పిల్ల ఒప్పు రాసింది. ఇలాంటి ప్రాజెక్టు దేనికి పనికొస్తుంది?

నాలుగోది పక్షులు. వలస పక్షుల్ని విదేశీ పక్షులు చేసేసింది. దూర దేశాల నుంచి వచ్చేవి ఉన్నాయి, కాదనను. కానీ చార్టు మీద అది అంటించిన బొమ్మ గూడబాతుది. ఆటపాక దగ్గర గుంపులు గుంపులుగా గూళ్ళు పెట్టుకుని పిల్లల్ని లేపే పక్షి అది. మన దక్షిణాసియాదే. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

మొదటి పేరా అనే వల

మర్నాడు సాయంత్రం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి నేను ప్రింటౌట్ తీసుకుని ముందు పేజీ మడిచి దాచేశాను. "అదేంటి, అందులోనే కదా అంతా ఉంది!" అంది. అందుకే దాచాను.

డెస్కులో మాకు నేర్పిన పద్ధతి వేరు. వార్తలో ముఖ్యమైనది ఇంట్రోలో ఉంటుంది, కిందికి పోయేకొద్దీ ప్రాముఖ్యం తగ్గుతుంది. చోటు లేకపోతే కింద నుంచి కోసెయ్యడమే, కళ్ళు మూసుకుని చెయ్యొచ్చు. ఎన్‌సైక్లోపీడియా వ్యాసానికి ఆ కత్తెర పనిచెయ్యదు. దాని మొదటి పేరా ఇంట్రో కాదు. మొత్తం వ్యాసానికి ఎవరో అప్పటికే రాసిపెట్టిన సారాంశం. పిల్లలకి ఒక్క పేరా రాయమంటే వాళ్ళ కళ్ళు సరిగ్గా అక్కడికే వెళ్తాయి, ఎందుకు వెళ్ళవు? మనమడిగిన సైజులో, మనమడిగిన ఆకారంలో, రెడీగా ఉంది. దాన్నే అటూ ఇటూ తిప్పి రాస్తారు. అంటే కుదించే పని ఇంకొకరు చేసేశారు, మిగిలింది మాటలు మార్చడమే. తప్పంతా అక్కడే పుడుతోంది.

అందుకని నేను పెట్టిన మొదటి నియమం: మొదటి పేరా ఆఖర్న చదవాలి. మన పేరా రాసేశాక, ఏమన్నా పెద్ద విషయం వదిలేశామా అని సరిచూసుకోవడానికి.

రెండోది, లెక్క. ప్రింటౌట్‌లో సుమారు మూడు వేల మాటలున్నాయి. చార్టు మీద బొమ్మలు పోగా పేరాకి మిగిలిన చోటు పన్నెండు, పదమూడు లైన్లు, నూట ఇరవై మాటలు. అంటే పాతిక మాటలకి ఒక్కటి. ఈ లెక్క చెప్పగానే దాని మొహం మారింది. పాతిక మాటల్లో ఒక్కటే మిగలాలంటే ప్రతి వాక్యాన్నీ కొంచెం కొంచెం చిన్నది చేస్తూ పోతే ఎప్పటికీ కుదరదు. అలా చేస్తే వచ్చేది పేరా కాదు, జాబితా: ఉనికి ఒక వాక్యం, వైశాల్యం ఒక వాక్యం, పక్షులు, చేపలు, గుడి, చట్టం తలా ఒకటి. ఏ వాక్యానికీ పక్క వాక్యంతో చుట్టరికం ఉండదు. బస్సులో పక్కపక్కన కూర్చున్న ప్రయాణికుల్లా ఉంటాయి. సెక్షన్లకి సెక్షన్లే వదిలెయ్యాలి. దేన్ని వదలాలో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న ఉంటే తెలుస్తుంది. "కొల్లేరు గురించి" అనేది ప్రశ్న కాదు. ఇక్కడ టీచర్లని కొంచెం తప్పు పడతాను. నలభై మంది పిల్లలకి నలభై "గురించి"లు ఇస్తే, నలభై మొదటి పేరాలే తిరిగొస్తాయి.

"నీకు కొల్లేరు గురించి ఏం తెలుసుకోవాలనుంది?" అని అడిగాను. "ఏం లేదు" అంది, నిజాయితీగా. కాసేపాగి, "మన వీధిలోకి వచ్చిన నీళ్ళు దీంట్లోకేనా పోవాల్సింది?" అంది.

మేముండేది విజయవాడలో సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబర్ మొదటి వారం బుడమేరు వరద సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. మేం కింది వాటా ఖాళీ చేసి డాబా మీద మూడు రాత్రులున్నాం. బుడమేరు అనే పేరు అప్పటిదాకా మా అమ్మాయికి ఒక మురుగు కాలవ పేరు. వ్యాసంలో నాలుగో పేజీలో, కొల్లేరులోకి వచ్చే వాగుల వరసలో ఆ పేరు కనిపించిందట. మొదటి రాత్రి మాటలు మారుస్తున్నప్పుడు కూడా కనిపించింది, కానీ పేరుకి పర్యాయపదం లేదు కాబట్టి దాటేసింది.

దొరికింది ప్రశ్న. బుడమేరు నీళ్ళు ఎక్కడికి పోతాయి, కొల్లేరు వాటిని ఏం చేస్తుంది?

ప్రశ్న దొరికాక ఎనిమిది పేజీలూ ఎంత తేలికైపోయాయో! గుడి చరిత్ర పోయింది. చేపల రకాలు పోయాయి. పక్షులు పోయాయి. పక్షుల దగ్గర దానికి మనసొప్పలేదు, గూడబాతు బొమ్మ అప్పటికే అంటించేసింది మరి. బొమ్మ కింద ఒక లైను రాసుకొమ్మని రాజీ కుదిర్చాను. మిగిలిన వాటిలో ప్రతి సెక్షన్ పక్కన మార్జిన్లో మూడు నాలుగు మాటలు మాత్రమే రాయమన్నాను, వాక్యం రాయకూడదని షరతు. "రెండు డెల్టాల మధ్య పల్లం." "బుడమేరు, తమ్మిలేరు లోపలికి." "ఉప్పుటేరు బయటికి, సముద్రం." "ఐదో కాంటూరు, 1999." వాక్యం రాయనిస్తే మూలంలో వాక్యమే వస్తుంది. తునకలైతే వాటిని అతికించే బాధ్యత మనదవుతుంది.

తాతయ్యకి చెప్పడం

తర్వాత ప్రింటౌట్ బోర్లా పెట్టించి, తాతయ్యకి చెప్పమన్నాను. రాయడం కాదు, చెప్పడం. ఈ పద్ధతి నాకు డెస్కులో ఒక సీనియర్ నేర్పారు. కాపీ చదివాక కళ్ళజోడు తీసి "ఏంటమ్మా సంగతి?" అనేవారు. అప్పుడు నోట్లోంచి వచ్చిన మొదటి రెండు వాక్యాలే ఇంట్రో.

చిక్కేమిటంటే తాతయ్యకి కొల్లేరు గురించి వ్యాసం రాసినవాళ్ళకంటే ఎక్కువ తెలుసు. నోరు మూసుకుని వినాలని ఆయనకీ ఒక షరతు పెట్టాల్సి వచ్చింది. ఆయన ఉండబట్టలేక మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న వేశారు. అది "కొల్లేరు వైశాల్యం 245 చదరపు కిలోమీటర్లు" అనగానే, "ఎప్పుడే?" అన్నారు.

ఎప్పుడు ఏమిటి, వైశాల్యానికి ఎప్పుడు ఏమిటి అని అది నావైపు చూసింది. కానీ ఆ ప్రశ్న ఎంత సరైనదో వెతికితే తెలిసింది. 245 అని చాలా పుస్తకాల్లో ఉంది. అభయారణ్యం వైశాల్యం 308. కొల్లేరుని 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చినప్పుడు రాసిన వైశాల్యం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. మూడు అంకెలు, ఒకే సరస్సు. ఒకటి ఒప్పు, రెండు తప్పులు అనుకోవడం సహజం. అలా కాదు. కొల్లేరు లోతు తక్కువ, ఒడ్డు చదును. పళ్ళెంలో నీళ్ళు పోసినట్టు, మట్టం ఒక అడుగు పెరిగితే వెడల్పు మైళ్ళు పెరుగుతుంది. నీళ్ళు మూడో కాంటూరు దగ్గరుంటే 135 చదరపు కిలోమీటర్లు, ఐదు దగ్గరుంటే 308, పది దాకా వస్తే 901. వరద నీళ్ళు పరుచుకోవడానికి చోటివ్వడమే దాని పని కాబట్టి, దాని వైశాల్యం ఒక్క అంకెలో ఉండదు.

ఇది మా అమ్మాయికి నచ్చింది. నచ్చిందని ఎలా తెలిసిందంటే, ఫోన్ చేసి స్నేహితురాలికి చెప్పింది. ఆ స్నేహితురాలి ప్రాజెక్టు కూడా కొల్లేరే. ఆ అమ్మాయిది వేరే దారి. ఇంగ్లీషు వ్యాసం తీసుకుని తెలుగులోకి మార్చింది. భాషే మారిపోయింది కాబట్టి మాటలన్నీ సొంతవే అని ఆ పిల్ల ధీమా. ఫోటో పంపింది. "బుడమేరు మరియు తమ్మిలేరులచే కొల్లేరు పోషించబడుచున్నది" అని ఉంది. పదమూడేళ్ళ పిల్ల "పోషించబడుచున్నది" అని ఏ జన్మలో అంటుంది! తెలుగులో కాపీని పట్టుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు. "బడినది", "యొక్క", "మరియు" ఎన్నిసార్లున్నాయో లెక్కపెట్టండి చాలు. అవి ఎవరివో తెలియదు గానీ, ఆ పిల్లవి మాత్రం కాదు. ఇంకో గుర్తు వరస. మాటలు ఎన్ని మారినా, విషయాలు మూలంలో ఉన్న వరసలోనే వస్తుంటే అది మూలమే, చొక్కా మార్చుకుంది అంతే. అనువాదం కష్టమైన పనే, గౌరవించాల్సిన పనే. కాకపోతే ప్రాజెక్టు అడిగింది అది కాదు.

ఆ ఫోటోలోనే ఇంకో చిన్న విషయం. కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఉందని రాసి ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాయి. కైకలూరు, మండవల్లి ఇప్పుడు ఏలూరు జిల్లా. తన ఊరి జిల్లా ఏదో మా మామగారికి అలవాటవడానికే ఏడాది పట్టింది, పాత సమాచారానికి ఎవరు చెబుతారు? మూలాన్ని చూసి దింపేసేవాళ్ళకి దాని వయసు కూడా అంటుకుంటుంది. అందుకే చార్టు కింద మూలం పేరుతో పాటు ఏ తేదీన చూశామో కూడా రాయించాను. ఆన్‌లైన్ వ్యాసం రేపు మారిపోవచ్చు, మనం చూసింది ఏ రోజుదో చెప్పాలి కదా.

మన మాటల్లో మన అబద్ధం

ఇక్కడిదాకా బాగానే ఉంది కానీ, నా పద్ధతికి ఉన్న ప్రమాదం మరుసటి రోజు బయటపడింది. మా అమ్మాయి రాసిన చిత్తుప్రతి చివరి వాక్యం ఇది: "కొల్లేరులో చేపల చెరువులు తవ్వడం వల్ల మా ఇల్లు మునిగింది."

చదవగానే ఒళ్ళు జలదరించే వాక్యం. డెస్కులో ఉండి ఉంటే హెడ్డింగ్ పెట్టేదాన్ని. చిక్కేమిటంటే అది వ్యాసంలో లేదు. వ్యాసంలో రెండు విషయాలు వేరు వేరుగా ఉన్నాయి: బుడమేరు కొల్లేరులోకి వస్తుంది, చేపల చెరువుల గట్ల వల్ల సరస్సులో నీళ్ళు పారే చోటు తగ్గింది. మూడోది మాకు అనుభవం: మా ఇల్లు మునిగింది. మూడింటినీ అతికించి "వల్ల" అనే బంక పెట్టింది. 2024లో మా వైపు నీళ్ళు రావడానికి విపరీతమైన వాన ఒకటి, బుడమేరు మళ్ళింపు కాలవ గట్టుకి గండ్లు పడటం ఇంకొకటి. ఆ గండ్లు మాకు పైన పడ్డాయి, కొల్లేరు ఎక్కడో కింద ఉంది. కింద నీళ్ళు నిదానంగా లాగడం వల్ల పైన నీళ్ళు ఎక్కువ రోజులు నిలిచాయా అంటే, అది ఇంజనీర్లు తేల్చాలి. ఎనిమిదో తరగతి చార్టు మీద తేల్చేది కాదు.

మాటలు మార్చినప్పుడు అభయారణ్యం అడవి అయింది. అర్థం చేసుకుని రాసినప్పుడు రెండు నిజాలు కలిసి ఒక అనుమానం నిజమైపోయింది. రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బాగుంటుంది. నమ్మాలనిపిస్తుంది. కాబట్టి రాసేశాక మూలం మళ్ళీ తెరవాలి. ప్రతి అంకె, ప్రతి పేరు మాత్రమే కాదు, ప్రతి "వల్ల", "అందుకే", "కాబట్టి" దగ్గర ఆగి, ఇది అక్కడుందా, నేను పెట్టానా అని అడగాలి. నేను పెట్టినవన్నీ తప్పని కాదు. పెట్టింది నేనని నాకు తెలియాలి.

ఆ వాక్యం కొట్టేయించినప్పుడు అది ఏడుపు మొహం పెట్టింది. "అదొక్కటే నేను సొంతంగా రాసింది" అంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మా అక్క, తెలుగు పండితురాలు, ఇదంతా విని ఒప్పుకోలేదు. "ముందు కాపీ చెయ్యనీవే. మనం ఎక్కాలూ పద్యాలూ బట్టీ పట్టలేదా? దింపగా దింపగా వాక్యం అబ్బుతుంది. ఎనిమిదో తరగతి పిల్లకి సబ్‌ఎడిటర్ ఉద్యోగం ఇస్తావా?" అంది. ఇందులో నిజముంది. పద్యం బట్టీ పట్టినప్పుడు ఆ మాటలే, ఆ వరసలోనే కావాలి. అక్కడ మాటే విషయం. వాక్యం అలవడటానికి మంచి వచనాన్ని చూసి రాయడం కూడా పాత పద్ధతే, మంచిదే. కానీ అప్పుడు "చూసి రాయండి" అని చెప్పాలి. చూసి రాయించాలనుకుంటూ సొంత మాటల్లో అని అడగడంతోనే నా పేచీ. ఇంకొక్క మాటా ఒప్పుకుంటాను: మా ఇంట్లో ఈ పేరాకి మూడు సాయంత్రాలు, ఒక మాజీ సబ్‌ఎడిటరు, ఒక కొల్లేటి తాతయ్య ఖర్చయ్యారు. ప్రతి ఇంట్లోనూ ఇవి దొరకవు. బళ్ళో ఒక్క పీరియడ్‌లో ఒక్క వ్యాసం పెట్టుకుని, మొదటి పేరా మడిచేసి, అందరూ కలిసి ప్రశ్న వెతికితే ఇంతలో సగం అవుతుందనుకుంటాను.

మార్చకూడని మాటల మీద కూడా అక్కా నేనూ చాలాసేపు వాదించుకున్నాం. నా మటుకు నేను గీసుకున్న గీత ఇది. పేర్లు, తేదీలు, అంకెలు, అభయారణ్యం, కాంటూరు, చిత్తడి నేల లాంటి ఖాయమైన పదాలు ఎవరి సొత్తూ కావు, వాటిని అలాగే ఉంచాలి. వాటిని ఏ వరసలో పెట్టారు, దేనితో పోల్చారు, ఏ వాక్యంలో ఒదిగించారు అన్నది రాసినవాళ్ళది. ఆ రెండోదే మనం వదిలెయ్యాలి.

చివరికి చార్టు మీదికెక్కిన పేరా ఇది. ఒక్క అక్షరం కూడా నేను దిద్దలేదు, కామాలు తప్ప.

"2024లో మా వీధిలోకి వచ్చిన నీళ్ళు బుడమేరువి. బుడమేరు మామూలుగా వెళ్ళి కలిసే చోటు కొల్లేరు. ఇది కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి తెచ్చే వరద ఇక్కడ పరుచుకుంటుంది. తర్వాత ఉప్పుటేరు గుండా మెల్లగా బంగాళాఖాతంలోకి పోతుంది. అందుకే కొల్లేరు ఎప్పుడూ ఒకే సైజులో ఉండదు. నీళ్ళు సముద్ర మట్టానికి 3 అడుగుల ఎత్తులో ఉంటే 135 చదరపు కిలోమీటర్లు, 5 అడుగులైతే 308, 10 అడుగులైతే 901. సరస్సు లోపల చేపల చెరువులకి గట్లు వేస్తే నీళ్ళు పరుచుకునే చోటు తగ్గుతుంది. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని లోపలున్న చాలా చెరువుల గట్లు కొట్టేశారు. ఐదు దాకా ఉండాలా, మూడు దాకా చాలా అని తర్వాత కూడా గొడవ జరిగింది. మా తాతయ్య ఊరు దాని పక్కనే."

చివరి వాక్యం ఎందుకే అంటే, "అది నేను సొంతంగా రాసింది" అంది. ఉంచేశాను.

శుక్రవారం చార్టు తిరిగొచ్చింది. పదికి ఏడు. మూడు వైశాల్యాల చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన "ఏది కరెక్ట్?" అని రాసి ఉంది. స్నేహితురాలికి తొమ్మిది వచ్చాయట, అక్కడ అంకె ఒక్కటే ఉంది మరి. మా అమ్మాయి ఆ సున్నాని కాసేపు చూసి, వంటింట్లోంచి పళ్ళెం, చెంబుతో నీళ్ళు తెచ్చుకుని తాతయ్య దగ్గర కూర్చుంది. సోమవారం టీచర్‌కి చూపించాలట, బస్సులో పళ్ళెం ఎలా పట్టుకెళ్ళాలో అడుగుతోంది.